ఒకటి నొక్కితే అవును

నాకు అనుమానం జాస్తి. పుట్టినప్పుడు మంత్రసాని చేతులు కడుక్కుందో లేదో కూడా చూసే ఉంటావే అని మా అమ్మ వెక్కిరిస్తుంది. వెక్కిరిస్తే వెక్కిరించనీ. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎనిమిదేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఆ మాత్రం అనుమానం లేకపోతే ఎలా? లారీ డ్రైవర్ నవ్వుతూ నమస్కారం పెడితే వెనక టైర్ కింద ఏం తొక్కించి వచ్చాడో చూస్తాను. మా మేనేజర్ అనంతపద్మనాభం గారు "మహిమమ్మా" అని తీయగా పిలిస్తే ఆదివారం డ్యూటీ పడబోతోందని అర్థం చేసుకుంటాను.

ఆ రోజు కూడా తీయగానే పిలిచారు. మా స్టోరేజీ గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద ఉంది. అయిదు చాంబర్లు, లక్ష దాకా టిక్కీలు పడతాయి. టిక్కీ అంటే మిర్చి తొక్కి కుట్టిన గోనె బస్తా. మార్చిలో, ఏప్రిల్లో రైతులు తెచ్చి పెడతారు, రేటు బాగున్నప్పుడు తీసుకెళ్తారు. ఇప్పుడు మా ఓనరు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించారు. ఎవరైనా సరుకు తీసుకెళ్లడానికి వస్తే ముందు రైతు ఫోన్ మోగుతుంది. ఆయన ఒప్పుకుంటేనే చాంబరు దగ్గర స్లిప్పు వస్తుంది, స్లిప్పు వస్తేనే ముఠా కూలీలు టిక్కీ దించుతారు. ఆ సంగతి రైతులందరికీ మెసేజ్ పంపాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు రాసిచ్చిన మెసేజ్‌ను మేనేజర్ గారు కళ్లజోడు సవరించుకుని చదివారు. "పాతికేళ్లుగా రైతు సేవలో తరిస్తున్న మా సంస్థ, అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో రూపొందించిన సరికొత్త అనుమతి వ్యవస్థను సగర్వంగా ప్రకటించడమేమనగా..."

"ఏమనగా?" అన్నాను.

"అదే, కింద ఉంది."

"అంత కిందికి ఎవరు పోతారండీ? పొలంలో ఫోన్ తీసి చూస్తే కనపడేది మొదటి లైనే. అందులో మన గర్వం పెడితే ఆయనకేం ఒరిగింది? ఆయన మిర్చికి ఏమవుతుందో ముందు చెప్పాలి."

"పోనీ నువ్వే రాయి" అన్నారాయన, కాస్త ముఖం మాడ్చుకుని. రాయలేననుకున్నారేమో. పట్టుదలగా కూర్చుని రాశాను.

"మీరు ఒప్పుకుంటేనే మీ మిర్చి మా గేటు దాటుతుంది.

మీ టిక్కీలకు ఎవరు వచ్చినా ముందు మీ ఫోన్ మోగుతుంది. ఒకటి నొక్కితే అవును. రెండు నొక్కితే కాదు. ఏమీ నొక్కకపోతే టిక్కీ కదలదు.

ఇప్పుడే చూసుకోండి. ఒకటి, ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి. రెండు, వెంటనే వచ్చే ఫోన్ ఎత్తండి, మీ లాట్ నంబరు, టిక్కీలు ఎన్నో చెబుతుంది. మూడు, ఒకటో రెండో నొక్కండి. ఇది ట్రయల్ మాత్రమే, సరుకు కదలదు.

ఏ ఫోనైనా పనిచేస్తుంది. లింకు లేదు, ఓటీపీ అడగం, డబ్బు కట్టక్కర్లేదు."

మేనేజర్ గారు రెండుసార్లు చదివారు. పాతికేళ్ల సేవ ఎక్కడా లేదని బాధపడ్డారు గానీ, "అర్థమైతే అవుతోందిలే" అన్నారు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి పదకొండు వందల నలభై నంబర్లకు పంపాను.

అరగంటలో ఆఫీసు ఫోన్ మోగడం మొదలైంది.

"ఇది మీరే పంపారా, దొంగ నాయాళ్లెవరైనా పంపారా? మొన్న మా బావమరిదికి పెళ్లి కార్డు అని ఫైలొచ్చింది. తెరిచాడు. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది" అన్నాడు ఒకాయన.

"మిస్డ్ కాల్ ఇస్తే ఏమీ పోదండీ" అన్నాను.

"ఆ మాట వాళ్లూ చెప్తారు."

ఇంకొకావిడ నన్ను ఇంటిపేరు అడిగింది, ఊరడిగింది, మా అమ్మ పేరడిగింది. చివరికి, "సరే, రేపు మా ఆయన్ని పంపిస్తా, నీ మొహం చూసొస్తాడు" అని పెట్టేసింది. నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేసేదాన్ని.

ఒక్క ప్రశ్న మాత్రం గుచ్చుకుంది. పేరు చెప్పకుండా ఎవరో అడిగారు: "ఇప్పుడు మేం ఒప్పుకుంటేనే అంటున్నారు బానే ఉంది. మరి ఇన్నాళ్లూ ఎవరు ఒప్పుకున్నారమ్మా?"

"బాండు వెనకాల మీ సంతకం చూసి ఇచ్చేవాళ్లం కదండీ" అన్నాను. సరుకు పెట్టినప్పుడు మేమిచ్చే రసీదును బాండు అంటాం. అవతల ఆయన ఒక నవ్వు నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. సగం బాండ్లు రైతుల ఇళ్లల్లో ఉండవు. ఇంట్లో చెద పడుతుందనో, ఎక్కడ పెట్టామో మర్చిపోతామనో మిర్చి యార్డులో తమ సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టులోనే ఉంచేస్తారు. వెనక సంతకం కూడా ముందే పెట్టేసి ఇస్తారు. దాన్ని ఆపడానికే ఈ ఫోన్ ఏర్పాటు.

బుధవారం పొద్దునకి ట్రయల్ చేసినవాళ్ల లెక్క వచ్చింది. మేనేజర్ గారు మురిసిపోయారు. ఫోన్లు రెండు వందల పన్నెండు, లాట్లు మూడు వందల తొంభై ఒకటి.

"ఫోన్ల కంటే లాట్లు అన్ని ఎక్కువ ఎలా ఉంటాయండీ?" అన్నాను.

"ఒక్కో రైతుకి రెండు మూడు లాట్లు ఉండవా? నీకు అన్నీ అనుమానాలే."

ఉంటాయి. తేజ రకం ఒక లాటు, తాలుకాయ ఒక లాటు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఏ నంబరు మీద ఎన్ని లాట్లున్నాయో తీసి చూద్దామని అనుకుంటూండగానే గుమ్మంలో మా బుల్లయ్య బాబాయి కనపడ్డాడు.

మాదీ ఆయనదీ ఒకటే ఊరు, వినుకొండ అవతల. కౌలుకి రెండెకరాలు చేస్తాడు. ఈ ఏడు నల్లతామర పురుగు తినగా మిగిలింది నలభై ఎనిమిది టిక్కీలు. అన్నీ మా దగ్గరే ఉన్నాయి, ఇంకెక్కడా ఒక్క కాయ లేదు. దీపావళి దాకా ముట్టుకునేది లేదని ఊళ్లో అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు. చెప్పుల మీద రోడ్డు దుమ్ముతో, తువ్వాలు చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"అమ్మాయ్, ఏదో మెసేజ్ పంపావంట. మీ శాంతి పిన్ని వాళ్లకొచ్చింది, నాకు రాలేదే?"

"రాకపోవడమేంటి బాబాయ్? చూసుకోలేదేమో."

"చూసుకోకేం? పొద్దస్తమానం అదే చూస్తన్నా. మా ఆవిడ తిడతంది కూడా. అందుకే బస్సెక్కి వచ్చా. ఏంటది, నేను ఒప్పుకుంటేనే కదులుద్దంటగా? నిజమేనా?"

"నిజమే. నువ్వు ఒకటి నొక్కితేనే. లేకపోతే ఒక్క టిక్కీ కూడా కదలదు" అన్నాను గట్టిగా, నా మెసేజ్ మీద నాకున్న మురిపెంతో. "నీ ఫోన్‌తో ఇప్పుడే మిస్డ్ కాల్ ఇవ్వు, చూపిస్తా."

ఇచ్చాడు. ఫోన్ వెంటనే మోగింది. స్పీకర్ పెట్టాడు. ఆడగొంతు మర్యాదగా చెప్పింది: "ఈ నంబరు మీద లాట్లు ఏవీ లేవు."

బుల్లయ్య బాబాయి నా వంక చూశాడు. "లేవంటందేంటే?"

"ఆగు బాబాయ్. బాండు ఏది?"

"కొట్లో ఉంది. ఎప్పుడూ అక్కడేగా ఉండేది."

పేరు కొట్టి వెతికాను. లాటు రెండు వేల రెండు వందల ఏడు, నలభై ఎనిమిది టిక్కీలు, మూడో చాంబరు. ఎదురుగా ఫోన్ నంబరు ఉంది. అది ఆయన బాండు ఉంచే కమీషన్ కొట్టులో గుమాస్తా జాన్ బాషాది. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు, సీజన్లో రోజుకి పదిసార్లు దాంతో మాట్లాడతాను. దాని పక్కన పచ్చరంగులో ఇంకో ముక్క: అనుమతి వచ్చింది, ఈరోజు పది నలభై.

గడియారం చూశాను. పదకొండూ పది.

"బాబాయ్, దా" అని లేచి పరుగెత్తాను. ఎందుకని అడగకుండానే ఆయనా వెంటపడ్డాడు.

లోడింగ్ అరుగు మీద లారీ ఆగి ఉంది. ముఠా వాళ్లు మూడో చాంబరులోంచి టిక్కీలు తెచ్చి అరుగు మీద పేరుస్తున్నారు. ప్రతిదాని మీదా ఎర్రరంగుతో వేసిన బి.ఎల్. మార్కా ఉంది. పంతొమ్మిది దాకా దిగిపోయాయి. చలిలోంచి ఎండలోకి వచ్చిన గోనె అప్పుడే చెమ్మగిల్లుతోంది. బుల్లయ్య బాబాయి అరవలేదు. ఒక టిక్కీ దగ్గరికి పోయి మార్కా మీద చేయి పెట్టాడు, తనదేనా కాదా అని చూసుకున్నట్టు.

"నేను ఒకటి నొక్కలేదు కదే" అన్నాడు నాతో, మెల్లగా.

నాకు తల తీసేసినట్టయింది. అయిదు నిమిషాల కింద ఒక్క టిక్కీ కదలదని నా నోటితోనే చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడే ఇక్కడ దించుతున్నారు.

"ఆపండి! లోపల పెట్టండి, చెమ్మ పట్టక ముందే!" అని మేస్త్రి మీద అరిచాను. లారీ వెనక నుంచి జాన్ బాషా వచ్చాడు. యాభై దాటిన మనిషి, చెవిలో పెన్ను, ఎప్పుడూ తొందరగా ఉంటాడు.

"ఏంటమ్మా, ఫోనొచ్చింది, నొక్కాను, స్లిప్పొచ్చింది. ఇంకేం కావాలి?"

"ఎవర్నడిగి నొక్కారు? సరుకు మీదా?"

"నిన్న రేటు ఎగిరింది. మళ్లీ పడిపోద్దని మా షావుకారు తీయించమన్నాడు. ప్రతి ఏడూ ఇట్టాగేగా? అమ్మినాక చెప్తాం, ఆయన వచ్చి అమ్మకం పట్టీ, డబ్బులు తీసుకెళ్తాడు. ఏం బుల్లయ్యా, ఎప్పుడన్నా అన్యాయం చేశానా నీకు?"

"అన్యాయం సంగతి కాదు బాషా. దీపావళి దాకా వద్దని చెప్పానా లేదా?"

జాన్ బాషా తడబడ్డాడు. "చెప్పావులే. షావుకారు వినాలిగా."

"దొంగతనం కాదా ఇది?" అన్నాను నేను. నోరు జారిందని తెలుసు, అయినా అన్నాను. ఆ మనిషిని ఎనిమిదేళ్లుగా అనుమానిస్తూనే ఉన్నాను, ఇవాళ దొరికాడనిపించింది.

ఆయన ముఖం ఎర్రబడింది. "మాట తిన్నగా రానియ్యి. నా ఫోన్‌కి మీరే చేశారు. ఒప్పుకుంటావా అని మీరే అడిగారు. ఆ సరుకు మీద నా నంబరు నేను ఎక్కించానా? ఎక్కించింది ఎవరమ్మా?"

జవాబు నాకు వెంటనే గుర్తొచ్చింది. మార్చి నెల, గేటు బయట నలభై లారీలు, హారన్ల మోత. కిటికీ ముందు రైతు నిలబడి ఉంటాడు. ఫోన్ నంబరు చెప్పమంటే కొత్త సిమ్ అంటాడు, గుర్తులేదంటాడు, మా అబ్బాయినడగాలంటాడు. పది అంకెలు కొట్టనిదే కంప్యూటర్ ముందుకు పోదు. వెనక నుంచి గుమాస్తా "నాది వేసెయ్యమ్మా" అంటాడు. వేసేస్తాను. ఆ నంబరుతో అప్పుడు ఎవరికీ పనిలేదు. ఇప్పుడు దానికే తాళం చెవి తగిలించి, అది మీ చేతిలో ఉందని రైతులకు రాసి పంపాను.

టిక్కీలన్నీ లోపలికి వెళ్లేదాకా బుల్లయ్య బాబాయి అక్కడే నిలబడి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఆఫీసులోకి వచ్చి ఆధార్ కార్డు ఇచ్చాడు. నంబరు మార్చాలన్నా పాత నంబరుకు ఫోన్ పోతుంది. జాన్ బాషా ఫోన్ మోగింది. ఆయన ఒకటి నొక్కాడు. ట్రయల్ చేసి చూసుకో బాబాయ్ అంటే, "ఇప్పుడొద్దులే, ఏది పడితే అది నొక్కేస్తా" అని వినుకొండ బస్సుకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తినకుండా లెక్క తీశాను. జాన్ బాషా నంబరు మీద ముప్పై ఏడు లాట్లు. ఇంకో గుమాస్తా మీద ఇరవై రెండు. ఒక లారీ డ్రైవర్ మీద తొమ్మిది. కిందికి వెళ్తూ వెళ్తూ ఒక నంబరు దగ్గర ఆగాను. మొదట గుర్తుపట్టలేదు, మన నంబరు మనం చదువుకోం కదా. పదకొండు లాట్ల మీద నా నంబరు ఉంది. అన్నీ మా ఊరివే. మనవాళ్లే కదా అని వేసేశాను. ట్రయల్ లెక్కలో ఆ పదకొండూ ఉన్నాయి, ఎందుకంటే సోమవారం సరిచూద్దామని నేనే మిస్డ్ కాల్ ఇచ్చి, ఆ గొంతు లాట్లు చదవడం మొదలుపెట్టగానే ఏదో ఫోనొస్తే కట్ చేశాను.

మేనేజర్ గారికి కాగితం చూపించాను. నా నంబరున్న లైను కనపడకుండా మడిచి చూపించాను. సిగ్గుతో చేశానో భయంతో చేశానో తెలియదు, చేశాను.

ఆయన తల పట్టుకున్నారు. "ఫోన్ నొక్కితే సరుకు వదలడం ఇప్పుడే ఆపించేస్తా, ట్రయల్ ఒక్కటే ఉండనీ. బాండుతో పాటు మనిషి వస్తేనే సరుకు. నంబర్లు ఒక్కొక్కటీ మెల్లగా మార్చుకుందాం. బయటికి చెప్పకు. మొన్నేగా ఘనంగా మెసేజ్ పంపాం, ఇవాళ తప్పయిందంటే ఇంక మనల్ని ఎవడు నమ్ముతాడు?"

"చెప్పకపోతే ఎవరు వచ్చి మార్చుకుంటారండీ?"

"పోనీ ఇంకో మెసేజ్ పంపు."

"ఎవరికి పంపను? తప్పు నంబర్లకేగా పోయేది."

ఆయన కళ్లజోడు తీసి, "మరేం చేద్దామంటావ్?" అని మామూలు గొంతుతో అడిగారు. ఆ గొంతులో తీపి లేదు, అందుకని నమ్మాను. మసీదు ఉన్న ఊళ్లో మైకులో చెప్పిద్దాం, చర్చి ఉన్న ఊళ్లో ఆరాధన అయ్యాక చెప్పిద్దాం, మా ఊరితో నేను మొదలుపెడతానన్నాను. లాప్‌టాప్ ఇచ్చి పంపారు.

ఆదివారం మా ఊరి చర్చిలో మార్కు పాస్టరు గారు ముందు ఒక పెళ్లి ప్రకటన చదివారు, తర్వాత శుక్రవారం ఉపవాస ప్రార్థన చెప్పారు, ఆ తర్వాత నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. మొదటి మాట ఏది చెప్పాలో బస్సులో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను.

"మీ మిర్చి మీ చేతిలో ఉందో, ఇంకొకరి చేతిలో ఉందో ఇప్పుడే ఇక్కడే తెలుసుకోవచ్చు" అన్నాను. "ఫోన్ తీయండి. ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి. ఫోనొస్తుంది. మీ టిక్కీలు ఎన్నో చెబితే మీ నంబరు సరిగ్గా ఉన్నట్టు. లాట్లు లేవు అంటే మీ సరుకు మీద బాషా లాంటి గుమాస్తాదో, లారీ డ్రైవర్‌దో నంబరు ఉన్నట్టు, ఆధార్ కార్డుతో నా దగ్గరికి రండి."

ఒక్క నిమిషంలో చర్చి అంతా రింగుటోన్లే. సగం మంది ముఖాలు వాడిపోయాయి. "లేవంటంది! నాకూ లేవంటంది!" అని ఆడవాళ్ల వరసలోంచి కేకలు. అంతలో బుల్లయ్య బాబాయి లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఒకటడుగుతా. బాషా నంబరు ఉందన్నావు, డ్రైవర్ నంబరు ఉందన్నావు. నీది కూడా ఉందా ఎక్కడన్నా?"

ఆయనకి తెలిసి అడగలేదు. బుధవారం నుంచి ఆయనకి నా జబ్బు పట్టుకుంది, అంతే. లేదనొచ్చు. రేపు ఆఫీసుకి వెళ్లి చప్పుడు కాకుండా నా నంబరు తీసేసుకోవచ్చు. కాగితం మడిచినట్టే ఇదీ మడిచేయొచ్చు.

"ఉంది బాబాయ్. పదకొండింటి మీద."

మా అమ్మ తల దించుకుంది. మూడో వరసలో మా శాంతి పిన్ని నన్ను ఎగాదిగా చూసింది, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు. జాన్ బాషాని దొంగ అన్నప్పుడు ఆయనకి ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"చెప్పావుగా. అయితే ముందు నీది తియ్యి" అన్నాడు బుల్లయ్య బాబాయి. "మా సంగతి తర్వాత చూద్దువు."

బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. ముందు నా నంబరు ఎక్కినవాళ్లు ఒక్కొక్కరే కార్డు తెచ్చారు. ఒక్కో నంబరు మార్చినప్పుడల్లా అందరి ముందూ నా ఫోన్ మోగింది. ఎత్తాను, ఒకటి నొక్కాను. మళ్లీ మోగింది. పదకొండుసార్లు మోగింది, పదకొండుసార్లూ బుల్లయ్య బాబాయి నా పక్కనే నిలబడి బొటనవేలు ఎక్కడ పడుతోందో చూశాడు.

నా పదకొండూ అయ్యాక ఆయన తన ఫోన్ తీసి మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఫోనొచ్చింది. లాటు రెండు వేల రెండు వందల ఏడు, నలభై ఎనిమిది టిక్కీలు, తీయవచ్చా అని అడిగింది. రెండు నొక్కాడు. సరే, కదలదు అంది. మళ్లీ మిస్డ్ కాల్ ఇచ్చాడు, మళ్లీ రెండు నొక్కాడు. మూడోసారీ అంతే.

"ఒకటి కూడా నొక్కి చూడు బాబాయ్, ట్రయలేగా" అన్నాను.

"ఎందుకే? అది ఎవడు నొక్కినా పనిచేస్తదని చూశాగా" అన్నాడాయన, నాలుగోసారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటూ. "నాకు రెండు పనిచేస్తే చాలు."